స్కోప్‌లో లేనివి ముందే రాయండి బాస్!

కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు ప్రాజెక్ట్ చార్టర్ అంటే చాలామంది టెంప్లేట్ డౌన్‌లోడ్ చేసి ఖాళీలు నింపేస్తారు. ఉండేది రెండు పేజీలే. కానీ మూడు నెలలయ్యాక వచ్చే గొడవలన్నీ అందులో రాయని వాటి గురించే.

మొన్న మా టీమ్ రాసిన చార్టర్ సంగతి చెప్తా. 12 మెడికల్ షాపులున్న ఒక సంస్థకి కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. స్కోప్‌లో బిల్లింగ్, స్టాకు, ఎక్స్‌పైరీ హెచ్చరికలు. ఇంతవరకు పది నిమిషాల పని. దాని కింద ‘స్కోప్‌లో లేనివి’ రాయడానికే రెండు రోజులు పట్టింది. హోమ్ డెలివరీ యాప్ లేదు. పాత బిల్లులు కొత్త సిస్టమ్‌లోకి రావు. ఇప్పుడున్న స్టాకు, కస్టమర్ల బాకీలు మాత్రమే వస్తాయి. ఆ లైన్ చూసి ఓనర్‌గారు ముఖం చిట్లించారు. ఫర్వాలేదు, సంతకానికి ముందేగా!

స్టేక్‌హోల్డర్లలో ఓనరు, మేనేజరు పేర్లు అందరూ రాస్తారు. కౌంటర్‌లో నిలబడే ఫార్మసిస్టునీ, జీఎస్టీ చూసే అకౌంటెంటునీ మర్చిపోతారు. షెడ్యూల్ హెచ్1 మందులు అమ్మితే డాక్టరు, పేషెంటు వివరాలతో విడిగా రిజిస్టరు రాసి, మూడేళ్లు దాచాలి. ఇది మాకు చెప్పింది ఫార్మసిస్టు మేడమే. వెంటనే స్కోప్‌లోకి ఎక్కింది.

మైలురాళ్ల తేదీలు మార్చింది అకౌంటెంటుగారు. 15న మారిపోదామని మేనేజరు అంటే, ‘సగం నెల బిల్లులు ఇక్కడ, సగం అక్కడా? 11న జీఎస్టీఆర్-1 వేసేది నేనండీ’ అన్నారు. దాంతో ఒక షాపులో 1వ తేదీన పైలట్, మిగతా 11 షాపులు వచ్చే నెల 1న అని రాశాం. మధ్యలో ఒక షరతు: పైలట్ షాపులో వరసగా పది రోజులు గల్లాపెట్టె లెక్క, సిస్టమ్ లెక్క ఒకటి కావాలి. కాకపోతే ‘ఆగండి’ అనే అధికారం ఎవరిదో కూడా రాశాం. ఓనర్‌గారిదే.

ఇక సక్సెస్ కొలత. ‘బిల్లింగ్ ఫాస్ట్‌గా ఉండాలి’ అంటే కుదరదు, ఎంత ఫాస్ట్? పాత సాఫ్ట్‌వేర్ ఉండగానే సాయంత్రం రద్దీలో ఫోన్ స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాం. సగటున బిల్లుకి 95 సెకన్లు. మారిన నెల రోజులకి 60కి దిగాలని టార్గెట్. పాతది తీసేశాక ఆ 95 ఎక్కడా దొరకదు మరి.

అయితే స్పీడ్ ఒక్కటే కొలిస్తే కౌంటర్‌లో వాళ్లు డాక్టరు పేరు దగ్గర చుక్క పెట్టి ముందుకెళ్లిపోతారు. అందుకే జతగా ఇంకో కొలత: డాక్టరు పేరు సరిగా లేని హెచ్1 బిల్లులు సున్నా.

‘సేల్స్ 10 శాతం పెరగాలి’ అని కూడా రాయమన్నారు ఓనర్‌గారు. రాయలేదు. వానాకాలం జ్వరాలొస్తే సేల్స్ వాటంతటవే పెరుగుతాయి, ఆ క్రెడిట్ మాకెందుకు?