‘నూటికి రూపాయే’ అనే మాట వెనుక ఎంత వడ్డీ ఉంది?



మన ఏజెన్సీ యువతలో ఈమధ్య ఒక మాట బాగా వినిపిస్తోంది: “బ్యాంకోళ్లు పదిసార్లు తిప్పుతారు, ఫైనాన్సోళ్లు ఇంటికొచ్చి ఇస్తారు. వాళ్లే నయం.” ఈ మాటను మనం ఒప్పుకోవడం లేదు. ఎందుకో లెక్కతో సహా చెప్తాం.

మన తమ్ముడొకడు గురుకులంలో కాంట్రాక్టు టీచర్ అనుకుందాం. చెల్లెలి చదువుకి లక్ష రూపాయలు కావాలి, రెండేళ్లలో కట్టాలి. బ్యాంకు 12 శాతం అంది. ఫైనాన్స్ కంపెనీ ఏజెంటు “మాది కూడా నూటికి రూపాయే తమ్ముడూ” అన్నాడు. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12. రెండూ ఒకటే కదా అనిపిస్తుంది. కానే కాదు.

బ్యాంకు వడ్డీ మిగిలిన అసలు మీదే పడుతుంది. కట్టేకొద్దీ అసలు తగ్గుతుంది, వడ్డీ కూడా తగ్గుతుంది. నెలకు సుమారు 4,707 రూపాయల కిస్తీ, రెండేళ్లకు మొత్తం వడ్డీ 13 వేల లోపే. ఏజెంటు చెప్పింది ఫ్లాట్ వడ్డీ. ఏడాది తిరిగేసరికి అసలులో సగం దాకా కట్టేసినా, వడ్డీ మాత్రం చివరి నెల వరకు పూర్తి లక్ష మీదే. అంటే 24 వేలు. కిస్తీ 5,167. దీన్ని బ్యాంకు పద్ధతిలో లెక్కేస్తే 12 కాదు, ఇంచుమించు 21.5 శాతం.

అంతటితో అయిపోదు. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద జీఎస్టీ, ఇన్సూరెన్స్ పేరుతో రెండు వేలు ముందే కోస్తే చేతికొచ్చేది 94,460. కిస్తీ మాత్రం లక్షకే. ఇప్పుడు అసలు రేటు 27 శాతం దాటుతుంది. నూటికి రూపాయి అన్నది నూటికి రెండు రూపాయల పైన అయింది!

“మరి బ్యాంకు ఇవ్వకపోతే ఏం చేయాలి?” అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పర్మినెంటు ఉద్యోగం లేదని, సిబిల్ స్కోరు లేదని బ్యాంకులు మనవాళ్లను వెనక్కి పంపుతున్న మాట నిజం. ఫైనాన్స్ కంపెనీలు తక్కువ కాగితాలతో, త్వరగా ఇస్తాయన్నదీ నిజం. మన పొదుపు ఖాతాల డబ్బుకు బ్యాంకు ఇచ్చేది రెండున్నర, మూడు శాతం. ఫైనాన్స్ కంపెనీలు అప్పిచ్చే సొమ్ములో పెద్ద భాగం ఆ బ్యాంకుల నుంచే వస్తుంది. మన డబ్బే చుట్టు తిరిగి, పాతిక శాతం దాటి మన దగ్గరికి వస్తోంది. అందుకే బ్యాంకును వదిలిపెట్టకూడదు. అప్పు ఇవ్వనంటే కారణం రాతపూర్వకంగా చెప్పాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. నోటిమాటతో వెనక్కి రావద్దు, దరఖాస్తు పెట్టి జవాబు కాగితం అడగండి.

తప్పనిసరై ఫైనాన్స్ కంపెనీకి వెళ్తే అడగాల్సింది కిస్తీ ఎంత అని కాదు, ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకైనా, ఫైనాన్స్ కంపెనీ అయినా వ్యక్తిగత రుణానికి ఇది ఇచ్చి తీరాలి, అదీ మనకు అర్థమయ్యే భాషలో. అందులో ‘ఏపీఆర్’ అనే అంకె ఉంటుంది. వడ్డీ, ఫీజు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపిన అసలు రేటు అదే. రెండు చోట్లా ఆ అంకెను మాత్రమే పోల్చండి. ముందే తీర్చేస్తే ఎంత కోస్తారో కూడా అందులో చూడండి. ఏడాదికే డబ్బు చేతికొచ్చినా తీర్చనివ్వని అప్పుకి ‘సులువు’ అనే పేరెందుకు? ఇక “ఈరోజే సంతకం పెట్టు, రేపు రేటు మారుద్ది” అంటే నమ్మొద్దు. ఆ కాగితం ఇచ్చాక కనీసం మూడు పనిదినాలు ఆలోచించుకునే గడువు మనది.

1/70 ఉన్నందుకు మన భూమి మీద వాళ్ల చెయ్యి పడదు. ఈ అప్పులకు తాకట్టు మన జీతం, మన పరువు. వసూలు ఏజెంటు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు, బంధువుల ముందు అవమానించకూడదు. చేస్తే ముందు కంపెనీకి రాతలో ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేయండి. అయితే ఒక తేడా గుర్తుంచుకోండి. మన ఊళ్లకొచ్చే బ్యాంకులు ఈ పరిధిలో ఉంటాయి. డిపాజిట్లు తీసుకోని, ఆస్తులు 100 కోట్లకు తక్కువున్న చిన్న ఫైనాన్స్ కంపెనీలు 2021 నాటి పథకంలో లేవు. వాళ్ల దగ్గర అప్పు చేస్తే ఆ తలుపు మనకు మూసుకున్నట్టే.

ఇంటికొచ్చి ఇచ్చేవాడు ఇంటికొచ్చే వసూలు చేస్తాడు. సంతకానికి ముందు ఏపీఆర్ అడుగుదాం. చెప్పనివాడి అప్పు మనకొద్దు.