‘ఫొటోలు పెట్టండి ప్లీజ్’ అంటే సరిపోదు!

పెళ్లయిన మర్నాడు ఫ్యామిలీ గ్రూపులో ఒక మెసేజ్ తప్పకుండా పడుతుంది. ‘అందరూ ఫొటోలు పెట్టండి ప్లీజ్’ అని. ఓ నలభై వస్తాయి. రెండ్రోజులకి గుడ్ మార్నింగ్‌ల కింద అవీ కనపడవు. ఇంట్లో పెళ్లయితే ఫోన్ల పని ఎలాగూ కుర్రకారు మీదే పడుతుంది. అందుకే చెప్తున్నా. ఆ మెసేజ్‌ని మీరే, శుభలేఖంత శ్రద్ధగా రాయండి.

ఎందుకంటే ఫొటోగ్రాఫర్ కెమెరా మండపం దాటి రాదు. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు అతను చూసుకుంటాడు. మూల కుర్చీలో కునుకు తీస్తున్న నానమ్మ, పంక్తిలో కొసరి కొసరి వడ్డిస్తున్న బాబాయి మాత్రం చుట్టాల ఫోన్లలోనే ఉంటారు. మెమరీ నిండగానే ముందు పోయేవీ అవే.

వాట్సాప్ గ్రూపు దీనికి పనికిరాదు. మామూలుగా పంపితే అది ఫొటో సైజు తగ్గించేస్తుంది. ఫోన్లో బాగానే కనిపిస్తుంది కానీ పెద్దగా ప్రింట్ వేయిస్తే మసకబారుతుంది. తీసిన టైమ్ వివరాలూ పోతాయి. ఆండ్రాయిడ్‌లో ఇలాంటి కాపీని గుర్తుపట్టడం తేలికే. ఫైల్ పేరులో తేదీ తర్వాత WA అని ఉంటుంది. ఆ తేదీ కూడా ఫొటో తీసిన రోజుది కాదు.

అంతకంటే గూగుల్ ఫొటోస్‌లో ఒక షేర్డ్ ఆల్బమ్ నయం. అందులో 20,000 ఫొటోలు, వీడియోల దాకా పడతాయి. ఆల్బమ్ సెట్టింగ్స్‌లో Collaborate ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఆఫ్‌లో ఉంటే చుట్టాలు చూడగలరు కానీ ఏమీ వేయలేరు. ఇంకో ఫోన్ నుంచి ఒక ఫొటో వేసి చూశాకే లింక్ పంపండి.

ఇక మెసేజ్. అక్క పెళ్లి శుక్రవారం అయిందనుకుందాం. శనివారం సాయంత్రం, అందరూ ఇళ్లకి చేరి తీరిగ్గా ఫోన్ పట్టుకునే వేళకి ఇలా పంపండి:

‘అందరికీ నమస్కారం. అక్క పెళ్లికి వచ్చి ఆశీర్వదించినందుకు చాలా సంతోషం. మీ ఫోన్లో ఉన్న పెళ్లి ఫొటోల్లో మీకు బాగా నచ్చిన పది ఈ ఆల్బమ్‌లో వేయండి. ఎదురుకోలు, భోజనాలు, అప్పగింతలప్పుడు తీసినవి అయితే మరీ మంచిది. కింది లింక్ నొక్కి, మీ జీమెయిల్‌తో లాగిన్ అయితే చాలు. బుధవారం రాత్రి లోపు వేయండి. కుదరకపోతే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా నాకు పంపండి, నేను వేస్తాను. లింక్ మాత్రం బయటివాళ్లకి పంపొద్దు.’

ఇందులో ‘పది’ అన్న మాట ముఖ్యం. ‘అన్నీ పెట్టండి’ అంటే ఎవరికైనా బద్ధకమే. పది అంటే పది నిమిషాల పని. ఇక ఆ డాక్యుమెంట్ దారి ఎందుకంటారా? చుట్టాలు వేసే ఫొటోలు వాళ్ల ఖాతాలోని ఉచిత 15 జీబీలోనే లెక్కపడతాయి. ఆ ఖాతా నిండిపోయిన పెద్దమ్మకి అప్‌లోడ్ కాదు. ఎందుకు కాలేదో ఆవిడకి తెలీదు, మనకీ చెప్పరు. డాక్యుమెంట్‌గా పంపితే ఫొటో సైజు తగ్గదు, తీసిన తేదీ పోదు.

అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. ఆల్బమ్‌లో ఉన్నంత మాత్రాన ఫొటో మీ చేతికి వచ్చినట్టు కాదు. వేసినవాళ్లు జాగా కోసం తమ గూగుల్ ఫొటోస్‌లోంచి దాన్ని డిలీట్ చేస్తే, మీ ఆల్బమ్‌లోంచీ మాయమవుతుంది. అందుకే గడువు ముగిసిన మర్నాడే కంప్యూటర్‌లో ఆల్బమ్ తెరవండి. మూడు చుక్కల మెనూలో Download all నొక్కి, అన్నీ హార్డ్‌డిస్క్‌లోకి దించుకోండి. రెండొందల మంది పదేసి వేస్తే రెండు వేల ఫొటోలు. ఒక్కోటి 4 ఎంబీ వేసుకున్నా 8 జీబీ. పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. దించుకున్నవి లెక్క చూసుకున్నాక Collaborate ఆపేయండి.

లింక్ విషయంలో మొహమాటం వద్దు. అది చేతికొస్తే ఎవరైనా ఆల్బమ్ మొత్తం చూడొచ్చు. అందులో పిల్లలుంటారు, అప్పగింతలప్పుడు ఏడుస్తున్న అత్తయ్య ఉంటారు. అందుకే క్యూఆర్ కోడ్‌ని శుభలేఖ మీద అచ్చేయడం నాకు నచ్చదు. పెళ్లికి రానివాళ్ల చేతుల్లోకీ ఆ కార్డు వెళ్తుంది. పెళ్లి చూసినవాళ్లకే మెసేజ్ పంపండి. గ్రూపులో లేని పెద్దవాళ్లకి ఫోన్ చేసి అడగండి. నానమ్మ పక్క కుర్చీలో కూర్చున్నది వాళ్లే కదా!