సర్కారు అప్పు... చిన్న పరిశ్రమకు ముప్పు

చిలకలపూడిలో రోల్డ్ గోల్డ్ నగలు చేయించే ఒక కార్ఖానాదారు కొత్త ప్రెస్సు కొనాలనుకుంటున్నాడు అనుకుందాం. ధర 5 లక్షలు. ముడిసరుకు, కూలి, యంత్రం అరుగుదల పోగా ఏటా 55 వేలు మిగులుతాయని అతని అంచనా. అంటే పెట్టుబడి మీద రాబడి 11 శాతం. బ్యాంకు 10 శాతానికి అప్పిస్తే వడ్డీ 50 వేలు, యంత్రం గిట్టుబాటవుతుంది. అదే 12 శాతమైతే వడ్డీ 60 వేలు, ఎదురు డబ్బు కట్టుకోవాలి. యంత్రం రాదు, దాని మీద బతకాల్సిన పనివాళ్లకు పనీ రాదు.

ఆ రెండు శాతం పెరగడానికి ఒక ముఖ్య కారణం ప్రభుత్వాల అప్పు. జనం దాచుకున్న సొమ్మే కార్ఖానాకూ ప్రభుత్వానికీ అప్పుగా వెళ్తుంది. వడ్డీ పెరిగితే కార్ఖానాదారు వెనకడుగు వేస్తాడు. జీతాలు, పింఛన్లు, పాత బాకీల వడ్డీ ఆపలేని ప్రభుత్వం మాత్రం ఎంత వడ్డీకైనా తీసుకుంటుంది. పొదుపు పెరగకుండా ఇలాంటి గిరాకీ పెరిగితే, ముందుగా తప్పుకునేది చిన్నవాడే.

చిలకలపూడి ఉన్న బందరుకు ఈ ఒత్తిడి కొత్త కాదు. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఇక్కడే ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. 1980లో అది జాతీయమైంది. 1990 నాటికి దేశంలోని అన్ని బ్యాంకుల్లాగే అదీ తన డిపాజిట్లలో 15 శాతం రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి, 38.5 శాతం ప్రధానంగా ప్రభుత్వ బాండ్లలో పెట్టాలి. రైతో వ్యాపారో వంద రూపాయలు దాచుకుంటే, అప్పివ్వడానికి బ్యాంకు చేతిలో మిగిలేది 46 రూపాయల 50 పైసలు. అందులో 40 శాతం, అంటే దాదాపు 18 రూపాయల 60 పైసలు, వ్యవసాయం, చిన్న పరిశ్రమలతో కూడిన ప్రాధాన్య రంగానికి. తక్కిన పరిశ్రమ, వాణిజ్యం అంతా 28 రూపాయల లోపే సర్దుకోవాలి. పైగా ప్రభుత్వ బాండ్ల మీద వచ్చే వడ్డీ తక్కువ. ఆ లోటును బ్యాంకులు మిగతా రుణాల మీద వడ్డీ పెంచి పూడ్చుకునేవి. మైదవోలు నరసింహం నేతృత్వంలోని కమిటీ 1991లో ఈ పద్ధతిని తప్పుపట్టి, బాండ్ల వాటాను 25 శాతానికి తగ్గించమంది. 2020 ఏప్రిల్ నుంచి అది 18 శాతం.

నిర్బంధం సడలింది. కానీ ఇప్పుడు ఆకర్షణ ఉంది. 2018 ఆగస్టులో రాజధాని ప్రాధికార సంస్థ అమరావతి బాండ్లను 10.32 శాతం వడ్డీకి జారీ చేసి 2,000 కోట్లు సేకరించింది. వాటికి రాష్ట్ర ప్రభుత్వ హామీ ఉంది. సర్కారు హామీతోనే పది శాతం పైన వస్తుంటే, తాకట్టుకు గట్టి ఆస్తి లేని కార్ఖానాకు అదే వడ్డీకి అప్పివ్వడానికి ఎవరు ముందుకొస్తారు?

అయితే అప్పు పెరిగినప్పుడల్లా వడ్డీ పెరుగుతుందనడం కూడా సరికాదు. 2020 మేలో కేంద్రం ఆ ఏటి అప్పు లక్ష్యాన్ని 7.8 లక్షల కోట్ల నుంచి 12 లక్షల కోట్లకు పెంచింది. అయినా వడ్డీలు దిగివచ్చాయి. లాక్‌డౌన్‌లో కొత్త పెట్టుబడికి అప్పు అడిగేవాళ్లు తగ్గారు, రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 శాతానికి తగ్గించి బాండ్లు కొన్నది. సొమ్ము ఖాళీగా ఉన్నప్పుడు ప్రభుత్వం తీసుకుంటే ఎవరి వాటా పోదు. పరిశ్రమ గిరాకీ పుంజుకున్నప్పుడే చిక్కు. రెపో రేటు కదలకపోయినా వేలంలో బాండ్ల వడ్డీ పెరుగుతుంటే, డిపాజిట్ల కంటే రుణాలు వేగంగా పెరుగుతుంటే, ఒత్తిడి మొదలైందని గుర్తించాలి.

అప్పు దేనికన్నది కూడా అంతే ముఖ్యం. 2023 మేలో శంకుస్థాపన జరిగిన బందరు ఓడరేవు పూర్తయితే సరుకు రవాణా ఖర్చు తగ్గి, చుట్టుపక్కల కొత్త పరిశ్రమలు పెట్టుబడి పెట్టే వీలుంటుంది. అలాంటి అప్పు ప్రైవేటు పెట్టుబడిని రప్పిస్తుంది. రోజువారీ ఖర్చులకు చేసిన అప్పు ఆస్తి మిగల్చదు, వడ్డీ భారాన్ని మాత్రం వచ్చే ఏటికి మోసుకొస్తుంది.

రాష్ట్రాల బాండ్ల వేలాన్ని రిజర్వు బ్యాంకు మామూలుగా మంగళవారాల్లో నిర్వహిస్తుంది. ఎంత తెచ్చారో, ఎంత వడ్డీకో అందరికీ తెలుస్తుంది. ఆ సొమ్ములో ఆస్తులకు ఎంత, రోజువారీ ఖర్చులకు ఎంత అన్నది కూడా ప్రభుత్వం మూడు నెలలకోసారి శాసనసభ ముందు పెట్టాలి. కార్పొరేషన్ల పేరుతో హామీ మీద తెచ్చిన అప్పును అదే పట్టికలో చూపాలి. బ్యాంకు రుణాలకు గిరాకీ పెరిగిన ఏడాదిలో రోజువారీ ఖర్చుల కోసం చేసే అప్పును ముందుగా తగ్గించుకోవాలి. కార్ఖానాదారుకు పది శాతానికి అప్పు దొరకాలంటే సబ్సిడీ పథకాల కన్నా ముందు జరగాల్సింది ఇది.