తెలుపు పోగానే మందు ఆపకండి

సంపాదకులకు,

పసిపిల్లల నోట్లో తెల్లపూత (థ్రష్) గురించి మీరు వేసిన వ్యాసంలో, తెల్లమచ్చలు పోగానే నిస్టాటిన్ చుక్కలు ఆపేయవచ్చన్నారు. నేను ఒప్పుకోను. మూడు నెలల మా మనవరాలికి నాలుగో రోజుకే నోరు శుభ్రంగా కనిపించి, మందు ఆపేశాం. వారంలో బుగ్గల లోపల మళ్లీ తెల్లగా పేరుకుంది. తడిగుడ్డతో తుడిస్తే పాలచారలా పోలేదు, కింద ఎర్రగా కనిపించింది.

పిల్లల డాక్టరు గారు మా రెండు పొరపాట్లు చెప్పారు. మొదటిది, చుక్కలు నాలుక మధ్యలో వేయడం. పాప వెంటనే మింగేసేది. నిస్టాటిన్ పేగుల్లోంచి రక్తంలోకి దాదాపు చేరదు, పూతకు తగిలితేనే పనిచేస్తుంది. అందుకే సీసా బాగా కుదిపి, 1 మి.లీ.లో 1 లక్ష యూనిట్లుండే మందును ఒక్కో బుగ్గలో 1 మి.లీ. చొప్పున రోజుకు నాలుగుసార్లు, పాలు పట్టాక వేయమన్నారు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు మోతాదు తక్కువ, అది డాక్టరే చెప్పాలి. పూత పోయాక కూడా కనీసం రెండు రోజులు కొనసాగించాలి.

రెండోది, పాలపీకలు. మందు వేస్తూనే అవే పీకలు, అదే పాసిఫయర్ నోట్లో పెట్టాం. ఈసారి మందు వాడినన్నాళ్లూ వాటిని రోజూ సబ్బుతో కడిగి 10 నిమిషాలు మరిగించాం, పగిలినవి పారేశాం. తల్లి చనుమొనలు మండుతుంటే ఆమెకూ అప్పుడే వైద్యం జరగాలి.

పూత మళ్లీ రాలేదు.

— ఒక అమ్మమ్మ, గుంటూరు