జీవశాస్త్ర పుస్తకంలోని మామిడి పాఠాల పదజాలంపై తీర్మానం

నూజివీడు పరిసరాల జీవశాస్త్ర ఉపాధ్యాయులు, మామిడి రైతులు, నర్సరీల్లో అంట్లు కట్టే పనివారు కూడిన ఈ సభ, ఉన్నత పాఠశాల పుస్తకంలో శాకీయ వ్యాప్తి, తెగుళ్లు, కాయ మాగడం గురించిన పాఠాల్లో ఏ మాట తెలుగులో ఉండాలి, ఏది ఇంగ్లీషు నుంచి రావాలి, ఏది సంస్కృతంలోనే నిలవాలి అన్న విషయమై కింది విధంగా తీర్మానించింది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం రైతు మాటను ఊరూరా సేకరించి గ్రంథస్థం చేసిందని సభ గుర్తు చేసుకుంటున్నది. కాండం నడిమి మెత్తని భాగానికి వృక్షశాస్త్ర పుస్తకాలు అరటి దవ్వ నుంచే ‘దవ్వ’ను తీసుకున్నాయని గమనిస్తున్నది. ఆ దారిలో మరి కొన్ని మాటలైనా నడవనందుకు విచారిస్తున్నది. పూత మీద చెయ్యి పెడితే వేలికి అంటేది పుప్పొడి అని ఇక్కడి పిల్లలకు తెలుసు. బడిలో అదే పరాగరేణువై కొత్త వస్తువులా కనిపిస్తున్నది.

అంటు విషయంలో సభ ఎక్కువ సమయం వెచ్చించింది. నాటు మామిడి టెంకల నుంచి పెంచిన మొక్క మీద చిన్న రసం, బంగినపల్లి వంటి రకాల పుల్లను కడతారు. ఈ రెండు భాగాలనూ స్టాక్, సయాన్ అని రాయడం అనవసరమని సభ అభిప్రాయపడుతున్నది. పై భాగానికి ‘అంటుకొమ్మ’ అని వాడాలని తీర్మానిస్తున్నది. కింది భాగానికి ‘వేరుమొక్క’ అన్న ప్రతిపాదనను తిరస్కరిస్తున్నది. వేరు అంటే మరొకటి అన్న అర్థం కూడా ఉన్నందున, వేరే చెట్టు నుంచి తెచ్చిన కొమ్మనే విద్యార్థి వేరుమొక్క అనుకునే ప్రమాదం ఉంది. దాని స్థానంలో ‘మొదలు మొక్క’ను ఆమోదిస్తున్నది.

అంటు అతుక్కోవాలంటే బెరడు కింద, చెక్కకు పైన ఉండే పలుచని పొరలు రెండు ముక్కల్లోనూ కనీసం ఒక పక్కనైనా కలవాలి. కొమ్మ సన్నగా, మొక్క లావుగా ఉన్నప్పుడు పుల్లను మధ్యలో పెట్టి కడితే ఆ పొరలు తాకవు. పుల్ల కొన్నాళ్లు పచ్చగానే ఉండి తరువాత ఎండిపోతుంది. ఇంత కీలకమైన పొరకు ‘పెరుగుపొర’ అన్న కొత్త మాటను సభ అంగీకరించలేదు. ఆ మాట వినగానే తోడుపెట్టిన పెరుగు మీది మీగడే తడుతుంది. ‘విభాజ్య కణావళి’ని కూడా అంగీకరించలేదు; అదే పుస్తకంలోని ‘విభాజ్య కణజాలం’తో అది కలగాపులగమవుతుంది. కాబట్టి ‘కేంబియం’ అనే మాటనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఆ పొర ఎక్కడుంటుందో ఒక వాక్యంలో చెప్పాలని తీర్మానిస్తున్నది.

రైతు మాట అయినంత మాత్రాన నిర్దుష్టం కాదని సభ స్పష్టం చేస్తున్నది. ‘తేనెమంచు’ ఆకాశం నుంచి పడే మంచు కాదు. పూతనూ లేత చిగురునూ పీల్చే పురుగు విసర్జించే తియ్యని జిగురు. ఆకు మీద నల్లగా పేరుకునే మసి తెగులు ఆ జిగురు మీద పెరిగే బూజు, తడిగుడ్డతో తుడిస్తే ఊడివస్తుంది. ‘తేనెమంచు’, ‘మసి తెగులు’, ‘బూడిద తెగులు’ అనే పేర్లను ఉంచాలనీ, మొదటి దాని పక్కన పై వివరణ తప్పక ఇవ్వాలనీ సభ నిర్ణయిస్తున్నది.

మూలకాల, సమ్మేళనాల పేర్లను, కొలమానాలను అంతర్జాతీయ రూపంలోనే ఉంచాలన్న, 1961లో ఏర్పడిన కేంద్ర శాస్త్ర సాంకేతిక పదావళి సంఘం సూత్రంతో సభ ఏకీభవిస్తున్నది. కాయ తనంతట తాను మాగేటప్పుడు వెలువడేది ఎథిలీన్, C₂H₄. కాయలు మాగబెట్టడానికి వాడరాదని నిషేధించిన కార్బైడ్‌కు తడి తగిలితే వచ్చేది ఎసిటిలీన్, C₂H₂. ఈ రెంటికీ తెలుగు పేర్లు కల్పిస్తే ఆ తేడా చెదిరిపోతుంది.

‘కిరణజన్య సంయోగక్రియ’ను మార్చరాదని సభ తీర్మానిస్తున్నది. ‘ఆకువంట’ అన్న సూచన వినసొంపుగా ఉన్నా, వంట వేడితో జరుగుతుంది, ఇది వెలుతురుతో జరుగుతుంది. పైగా తల్లిదండ్రులు చదివిన మాట పిల్లలకూ అందడం మేలు. ‘పరాగ సంపర్కం’ కూడా పై తరగతుల దృష్ట్యా నిలుస్తుంది. దాని వివరణలో మాత్రం పుప్పొడి అనే రాయాలి.

ద్విభాషా పుస్తకాల్లో ఎదుటి పేజీలోనే ఇంగ్లీషు పాఠం ఉన్నందున, తెలుగు పేజీలో బ్రాకెట్లలో ఇంగ్లీషు మాటలు అక్కరలేదని సభ భావిస్తున్నది.

కొత్తగా చేర్చే ఏ మాటనైనా అచ్చుకు ముందు ఆ పని చేసేవారికీ, ఆ తరగతి పిల్లలకీ చదివి వినిపించాలని, వారు చెప్పిన అర్థాన్ని నమోదు చేయాలని, రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థను ఈ సభ కోరుతున్నది.