సైరన్ మోగితే నగల షాపుకెందుకు పరుగు?

2025 మే 7న విశాఖలో సైరన్లు మోగించి మాక్ డ్రిల్ చేసారు. అదే రోజు తెల్లవారుజామున మన సైన్యం ఆపరేషన్ సిందూర్ మొదలుపెట్టింది. సాయంత్రం మగ్రిబ్ అయ్యేసరికి తగరపువలసలో మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒకే మాట నాలుగు రకాలుగా తిరుగుతోంది. జంగ్ మొదలైంది, బ్యాంకులు మూసేస్తారు, రూపాయి విలువ పోతుంది, ఉన్నదంతా సోనా చేసి పెట్టుకోండి అని. పంపినవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పోయినేడు చిట్టీ పాడుకున్న డబ్బు ఇంట్లో ఉన్న మా మామూ ఒకాయన మర్నాడు పొద్దున్నే బంగారం కొట్టుకి వెళ్ళి నిలబడ్డారు. ఆ రోజు 24 క్యారెట్ పది గ్రాములు లక్షకు కాస్త తక్కువలో ఉంది.

వారం తిరిగేసరికి అదే పది గ్రాములు 94 వేల దగ్గరికి దిగింది. మే 10న కాల్పుల విరమణ వచ్చింది, అది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం జెనీవాలో ఉంది. మే 12న అమెరికా, చైనా ఒకరి మీద ఒకరు వేసుకున్న సుంకాలు తగ్గించుకుంటామని ప్రకటించాయి. ప్రపంచమంతా ఊపిరి పీల్చుకుంది, బంగారం పడింది. మన సరిహద్దులో ఫిరంగులు పేలిన వారంలోనే మన మామూ కొన్న సోనా ధరని జెనీవాలో కూర్చున్నవాళ్ళు తేల్చారు.

నేను కొట్లాడేది ఈ ఒక్క మాట మీదే. "ఖౌఫ్ వస్తే బంగారం పెరుగుతుంది" అనేది సగం నిజం. ఆ సగం నిజాన్ని నమ్మి మన ఇళ్ళలో నికాహ్ డబ్బు, ఫీజు డబ్బు కరిగిపోతోంది.

మా ఖాలా లెక్క చెబుతాను. 2022 ఫిబ్రవరి 24న రష్యా యుక్రెయిన్ మీదికి వెళ్ళింది. మార్చి 8 నాటికి ప్రపంచ మార్కెట్లో ఔన్సు బంగారం రెండు వేల డాలర్లు దాటింది. టీవీ అంతా అదే. ఖాలా దగ్గర కొడుకు ఇంజనీరింగ్ ఫీజుకని దాచిన డబ్బు ఉంది. సెప్టెంబరులో కట్టాలి. "ఈలోగా పెరుగుతుంది కదా" అని ఆ డబ్బుతో ఇరవై గ్రాముల గాజులు తీసుకుంది. 22 క్యారెట్ గ్రాము సుమారు 4,950 రూపాయలు. బంగారం ఖరీదు 99,000. తరుగు, మజూరీ కలిపి పన్నెండు శాతం, అంటే 11,880. మొత్తం మీద మూడు శాతం జీఎస్టీ, సుమారు 3,326. బిల్లు 1,14,206.

సెప్టెంబరు చివర అమ్మడానికి వెళ్ళింది. గ్రాము సుమారు 4,600. ఇరవై గ్రాములకి 92,000. కొట్టువాడు కరిగింపు పేరుతో రెండు శాతం కోసాడు. చేతికొచ్చింది 90,160. ఆరు నెలల్లో పోయింది 24,046 రూపాయలు.

ఇందులో ధర పడినందుకు పోయింది ఏడు వేలే. మిగతా పదిహేడు వేలు మజూరీ, జీఎస్టీ, కోతల్లో పోయాయి. అంటే ధర కదలకుండా అక్కడే ఆగిపోయినా ఖాలా పదిహేడు వేలు నష్టపోయేది. ఆమె గట్టెక్కాలంటే ఆరు నెలల్లో బంగారం ఇరవై శాతానికి దగ్గరగా పెరగాలి. షాపు మెట్లు ఎక్కే ముందు ఈ లెక్క ఎవరూ ఆమెకి చెప్పలేదు. జంగ్ ఖబర్ మాత్రం అందరూ చెప్పారు.

ఇప్పుడు అసలు సవాల్. ఆ ఏడు యుద్ధం ఆగలేదు. మహంగాయీ కూడా ఆగలేదు. జూన్ 2022లో అమెరికాలో ధరల పెరుగుదల 9.1 శాతం, నలభై ఏళ్ళలో అంత ఎప్పుడూ లేదు. మరి బంగారం ఎందుకు పడింది? రెండు వేలు దాటిన ఔన్సు సెప్టెంబరు చివరకి 1,630 డాలర్ల దగ్గరికి ఎలా వచ్చింది?

జవాబు సూద్. అమెరికా కేంద్ర బ్యాంకు మార్చిలో సున్నాకి దగ్గరగా ఉన్న వడ్డీని సెప్టెంబరుకి మూడు శాతం దాటించింది. బంగారం బీరువాలో కూర్చుంటుంది, ఏమీ సంపాదించదు. వడ్డీ సున్నా ఉన్నప్పుడు అది లోపం కాదు. ప్రభుత్వ బాండు కూడా ఏమీ ఇవ్వడం లేదు కదా. వడ్డీ మూడు, నాలుగు అయ్యాక పెద్ద ఫండ్లు బంగారం వదిలి బాండ్ల వైపు వెళ్ళాయి. మహంగాయీ పెరిగిందని బంగారం కొనేవాడు ఒక ప్రశ్న అడగాలి. ఆ మహంగాయీని అణచడానికి వడ్డీ ఎంత పెంచుతారు? పెంచరు అని మార్కెట్ అనుకుంటే బంగారం పెరుగుతుంది. గట్టిగా పెంచుతారు అనుకుంటే పడుతుంది. ఖబర్ ఒకటే, ఫలితాలు రెండు.

సూద్ హరామ్ అని ఎఫ్‌డీకి దూరంగా ఉండి, ఆ డబ్బుతో గాజులు కొనుక్కునే ఇళ్ళు మనవి. నేను తప్పు పట్టడం లేదు, మా అమ్మీ కూడా అదే చేసింది. కానీ మనం తీసుకోని సూదే మన గాజుల ధరని పైకీ కిందికీ లాగుతోందని తెలుసుకోవాలి కదా భాయ్.

ఇక్కడ ఇంకో ముడి ఉంది. డాలర్లలో బంగారం దాదాపు ఇరవై శాతం పడితే, మన దగ్గర పది శాతం లోపే పడింది. ఎందుకంటే అదే ఆరు నెలల్లో రూపాయి బలహీనపడి డాలరు 81 దాటింది. పైగా 2022 మధ్యలో కేంద్రం దిగుమతి సుంకం పెంచింది. బంగారం బయటనుంచి వచ్చేదే కాబట్టి ఆ రెండూ మన ధరని కొంత పట్టి నిలిపాయి. సుంకం రెండువైపులా కోసే కత్తి. 2024 జులై 23 బడ్జెట్లో దాన్ని పదిహేను నుంచి ఆరు శాతానికి తగ్గించగానే, ప్రపంచంలో ఏమీ జరగకపోయినా మన దగ్గర ధర ఒక్క రోజులో వేలల్లో పడింది. ఏ వాట్సాప్ ఫార్వర్డూ దాన్ని ముందు చెప్పలేదు.

ఇక బ్యాంకుల ఖౌఫ్. 2023 మార్చిలో అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు కూలింది, వెంటనే స్విట్జర్లాండులో క్రెడిట్ స్వీస్ మునిగింది. పది రోజుల్లో బంగారం 1,830 చుట్టుపక్కల నుంచి రెండు వేల దాకా ఎక్కింది. అయితే 2020 మార్చి గుర్తుందా? కరోనా దెబ్బకి లోకమంతా వణికింది, మన దగ్గర యెస్ బ్యాంకు ఖాతాదారులకి యాభై వేల పరిమితి పెట్టారు. ఆ వారాల్లో ప్రపంచ మార్కెట్లో బంగారం పెరగలేదు, పడింది. షేర్లలో అప్పులతో ఆడినవాళ్ళకి నష్టాలు కట్టడానికి రొక్కం కావలసొచ్చింది, అమ్ముడుపోయేది ఏదుంటే అది అమ్మారు. బంగారం తేలిగ్గా అమ్ముడుపోతుంది కాబట్టే ముందు దాన్ని అమ్మారు. వడ్డీలు సున్నాకి దిగి, రొక్కం కరువు తీరాక, ఆగస్టులో కొత్త రికార్డుకి ఎక్కింది.

దీన్ని మన ఊరివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 2009లో చిట్టివలస జూట్ మిల్లు మూతపడ్డప్పుడు కార్మికుల ఇళ్ళలో కూడా ఖౌఫే ఉంది. వాళ్ళెవరూ బంగారం కొనలేదు. ముక్కుపుడక దాకా గిర్వీ పెట్టారు. జీతం ఉన్నవాడికి ఖౌఫ్ వస్తే కొంటాడు, జీతం పోయినవాడికి ఖౌఫ్ వస్తే అమ్ముతాడు. ఫండ్ మేనేజరు వడ్డీ చూసి కదులుతాడు. రష్యా విదేశీ నిల్వల్ని 2022లో పశ్చిమ దేశాలు స్తంభింపజేయడం చూసిన దేశాల కేంద్ర బ్యాంకులు, ఎవరూ తాళం వేయలేని ఆస్తి కావాలని 2024 దాకా ఏటా వెయ్యి టన్నులకు పైగా కొన్నాయి. వాళ్ళకి సెప్టెంబరులో ఫీజు కట్టే పని లేదు. పదేళ్ళు ఆగగలరు. వాళ్ళు కొంటున్నారని మనమూ కొంటే వాళ్ళ సబర్ కూడా మనకుండాలి.

"ఖాలా అమ్మకుండా ఉంచి ఉంటే?" అని మీరడుగుతారు. ఉంచి ఉంటే 2025 ఏప్రిల్లో 24 క్యారెట్ లక్ష దాటినప్పుడు ఆ గాజులు లక్షా ఎనభై వేలకి పైగానే పలికేవి. నిజం. నేను బంగారానికి దుష్మన్ కాదు. కానీ ఖాలాకి మూడేళ్ళు లేవు, ఆరు నెలలే ఉన్నాయి. తప్పు లోహానిది కాదు, తారీఖు ఉన్న డబ్బుని తారీఖు లేని వస్తువులో పెట్టడానిది.

బ్యాంకు భయంతో పరిగెత్తేవాళ్ళకి ఇంకో మాట. 2020 ఫిబ్రవరి నుంచి ఒక బ్యాంకులో ఒకరి పేరున ఉన్న డిపాజిట్టుకి అయిదు లక్షల వరకు బీమా ఉంది. సేవింగ్స్, కరెంటు ఖాతాలకీ వర్తిస్తుంది, సూద్ తీసుకుంటేనే అని లేదు. హైదరాబాదులో కృషి, చార్మినార్ సహకార బ్యాంకులు కూలినప్పుడు ఆ బీమా లక్షే. ఆ దెబ్బ తిన్న ఖాందాన్ల ఖౌఫ్ నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఖౌఫే మనవాళ్ళని ఏ బీమా లేనిచోటికి తోసింది. బంగారం వ్యాపారం, సూద్ లేని హలాల్ లాభం, ఏడాదికి ముప్పై శాతం పైనే అన్న మాట నమ్మి హీరా గోల్డులో డబ్బు పెట్టిన ఇళ్ళు మన రెండు రాష్ట్రాల్లో ఎన్నో. 2018 అక్టోబరులో ఆ గ్రూపు అధినేత్రిని హైదరాబాదు పోలీసులు అరెస్టు చేసారు. డబ్బు తిరిగి రాలేదని వేలమంది ఫిర్యాదు చేసి కోర్టుల చుట్టూ తిరిగారు. నగల షాపుల నెలవారీ స్కీములకి కూడా ఆ డిపాజిట్ బీమా లేదు. షాపు మూతపడితే మీరు వరసలో నిలబడ్డ అప్పులవాళ్ళే.

కాబట్టి ఈసారి సైరన్ మోగితే, ఆ డబ్బు ఎప్పుడు కావాలో ముందు చూడండి. రెండేళ్ళలోపు కావలసిన డబ్బుతో షాపు మెట్లు ఎక్కవద్దు. తొడుక్కోవడానికైతే నగ కొనండి, మజూరీ షౌక్‌కి కట్టిన ఖర్చనుకోండి. దాచుకోవడానికైతే నగ కాదు, హాల్‌మార్క్ ఉన్న నాణెం లేదా బిస్కెట్ తీసుకుని బిల్లు దాచండి. అదీ బ్యాంకులో కొనకండి. బ్యాంకు అమ్ముతుంది గాని తిరిగి కొనదు. అమ్మేటప్పుడు ఎంత కోస్తారో కొనే రోజే కొట్టువాణ్ణి అడగండి. చెప్పడానికి నసిగితే పక్క కొట్టుకి వెళ్ళండి. ఇంట్లో సోనా ఏడున్నర తులాలు చేరిందంటే ఏటా జకాత్ రొక్కం ఎక్కడినుంచి తీస్తారో కూడా లెక్కలో పెట్టుకోండి.

మా మామూ ఆ రోజు కొన్న చైను ఇంకా ఇంట్లోనే ఉంది. అమ్మే పని రాలేదు గనక ఆయన గెలిచినట్టే లెక్క. ఖాలాకి ఆ అవకాశం లేదు. ఇద్దరూ విన్నది ఒకే రకం ఖబర్. ఫార్వర్డ్ చేసేవాళ్ళు మామూ కథే చెబుతారు. నేను ఖాలా బిల్లు దాచిపెట్టాను.