సర్టిఫికెట్ ఎవరు అడిగారు?

అమీర్‌పేటలో మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే చేతిలో ఒక కరపత్రం పెడతారు. డిజిటల్ మార్కెటింగ్, నాలుగు నెలల శిక్షణ, 15 సర్టిఫికెట్లు, ఫీజు 60 వేలు. ఈ మధ్య వాటిలో కొత్త మాట ఒకటి కనిపిస్తోంది: ‘ఫ్రీలాన్సర్లకు ప్రత్యేక బ్యాచ్’. ఉద్యోగం ఇప్పిస్తామని చెప్పి ఇప్పించకపోతే ఆఫీసుకొచ్చి నిలదీసేవాళ్లు ఉంటారు. ఫ్రీలాన్సరుకు ఎవరూ ఏమీ ఇప్పించనక్కర్లేదు. కోర్సులు అమ్మేవాడికి ఇంతకన్నా నిశ్చింతైన బేరం ఇంకొకటి లేదు.

అందుకే ఫ్రీలాన్స్ పని చేసుకునేవాళ్లు ఫీజు కట్టే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ కాగితం అడుగుతున్నది ఎవరు? చట్టమా, పని ఇచ్చేవాళ్లా, మధ్యలో ఉన్న కంపెనీయా? వీళ్లెవరూ కాకపోతే, అమ్మేవాడు తప్ప దాన్ని అడిగేవాడు లేనట్టే.

ఒక లెక్క వేసి చూద్దాం. కూకట్‌పల్లిలో ఇంటి నుంచే ఐదు డెంటల్ క్లినిక్‌లకు గూగుల్ యాడ్స్ నడిపే అమ్మాయి ఉందనుకోండి. ఒక్కో క్లినిక్ నెలకు 12 వేలు ఇస్తుంది. ప్రకటనల ఖర్చు నెలకు 30 వేలు, అది క్లినిక్ నేరుగా గూగుల్‌కు కట్టుకుంటుంది. ఆ అమ్మాయికి కొత్త క్లయింట్లు దొరకడం లేదు. సర్టిఫికెట్లు లేకపోవడమే లోపమని ఎవరో చెప్పారు. కరపత్రం చేతికొచ్చింది.

60 వేల మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 70,800. ఏడాది రాబడి 20 లక్షలు దాటక జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోని ఫ్రీలాన్సరుకు ఆ 10,800 తిరిగి రాదు, ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు. అంటే ఒక క్లినిక్ ఆరు నెలలు ఇచ్చే డబ్బు మొత్తం ఫీజుకే సరిపోతుంది. వారానికి పది గంటల చొప్పున నాలుగు నెలలంటే సుమారు 170 గంటలు. గంటకు 400 విలువ కట్టినా 68 వేలు. చేతిలో పనిలేక ఖాళీగా ఉన్నవాళ్లకు ఈ రెండో లెక్క వర్తించదు, నిజమే. పని ఉండి, సాయంత్రాలు అమ్ముకునేవాళ్లకు మాత్రం కోర్సు అసలు ధర లక్షా ముప్పై ఎనిమిది వేల పైమాటే.

ఇంతకీ ఆ 15 సర్టిఫికెట్లు ఏవి? జాబితా అడిగి తీసుకుని ఒక్కొక్కటే వెతికి చూడండి. సెర్చ్, డిస్‌ప్లే, వీడియో, షాపింగ్, మెజర్‌మెంట్ వంటి గూగుల్ యాడ్స్ సర్టిఫికెట్లే ఐదారు ఉంటాయి. ఇవన్నీ గూగుల్ స్కిల్‌షాప్‌లో ఉచితం. ఇంట్లో కూర్చుని 75 నిమిషాల్లో రాసేయొచ్చు, 80 శాతం వస్తే పాస్. తప్పితే మర్నాడు మళ్లీ రాయొచ్చు. ఏడాది తర్వాత గడువు తీరిపోతుంది, మళ్లీ రాయాలి. హబ్‌స్పాట్ అకాడమీ సర్టిఫికెట్లూ ఉచితమే. మిగిలినవి ఆ ఇన్‌స్టిట్యూట్ తన ప్రింటరులో వేసుకున్నవి. ఊరికే దొరికేదాన్ని, ఎన్నిసార్లయినా రాయగలిగేదాన్ని చూపించి క్లినిక్ డాక్టరు ముందు ప్రత్యేకత చాటుకోవడం కుదరదు. ఆయనకు స్కిల్‌షాప్ అంటే ఏమిటో కూడా తెలియదు.

‘గూగుల్ పార్ట్‌నర్ బ్యాడ్జ్ వస్తుందండీ’ అని కౌన్సెలర్లు ఒక మాట అంటుంటారు. ఆ బ్యాడ్జ్ కోర్సుతో వచ్చేది కాదు. మేనేజర్ అకౌంటుకు ఆప్టిమైజేషన్ స్కోరు 70 శాతం ఉండాలి, దాని కింద ఉన్న ఖాతాల్లో 90 రోజుల్లో 10 వేల డాలర్ల ప్రకటనలు నడవాలి, అకౌంట్ స్ట్రాటజిస్టుల్లో సగం మందికి సర్టిఫికెట్ ఉండాలి. మన కూకట్‌పల్లి అమ్మాయికి ఐదు క్లినిక్‌లు కలిపి నెలకు లక్షన్నర, మూడు నెలలకు నాలుగున్నర లక్షలు. పదివేల డాలర్లంటే ఎనిమిది లక్షలు దాటుతుంది. సర్టిఫికెట్లు ఎన్ని సంపాదించినా ఆ గీత దాటించలేవు. అయితే ఆ నిబంధన వల్లే ఏజెన్సీలకు సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కావాలి. ఏ ఏజెన్సీ అయినా పని ఇస్తూ సర్టిఫికెట్ అడిగితే ఒక ఆదివారం కూర్చుని ఉచితంగా తెచ్చుకుంటే సరిపోతుంది.

మరి ఆ అమ్మాయికి నిజంగా లేనిదేమిటి? క్లినిక్‌ల వాళ్లు నెలనెలా చెప్పేది వింటే అర్థమవుతుంది. ‘ఫోన్లు వస్తున్నాయమ్మా, పేషెంట్లు రావడం లేదు.’ ఫారం నింపిన ప్రతివాడినీ గూగుల్ ఫలితంగానే లెక్కేసుకుంటోంది. ధర కనుక్కుని పెట్టేసినవాడూ, వచ్చి ఇంప్లాంట్ పెట్టించుకున్నవాడూ దానికి ఒక్కటే. కాబట్టి ధర అడిగేవాళ్లనే ఇంకా ఎక్కువగా పట్టుకొస్తుంది. దీనికి మందు ఆఫ్‌లైన్ కన్వర్షన్ ఇంపోర్ట్. అకౌంటులో ఆటో ట్యాగింగ్ ఆన్ చేయాలి. క్లినిక్ వెబ్‌సైట్ ఫారంలో కనిపించని ఒక గడి పెట్టి, ప్రకటన నొక్కి వచ్చినవారి లింకులో ఉండే gclid అనే గుర్తును అందులో పట్టుకోవాలి. ఆ గుర్తులన్నీ ఒక షీటులోకి చేరాలి. రిసెప్షన్‌లో ఉన్నవాళ్లు ఆ షీటులో ఎవరు వచ్చారు, ఎంత బిల్లయింది రాయాలి. దాన్ని వారానికోసారి యాడ్స్‌లోకి ఎక్కించాలి. ప్రకటన నొక్కిన 90 రోజుల లోపు ఎక్కించకపోతే గూగుల్ తీసుకోదు. పంటి చికిత్సలో నిర్ణయానికి కొందరు నెలలు తీసుకుంటారు కాబట్టి ఇది గుర్తుంచుకోవాల్సిన గడువే.

ఈ పని నేర్పే కోర్సు ట్యాగ్ మేనేజర్, జీఏ4, కన్వర్షన్ ట్రాకింగ్ వరకే ఉండే చిన్న కోర్సు. నాలుగు వేలు పెట్టారనుకోండి. మొదటి క్లినిక్‌లో ఈ ఏర్పాటు చేసి పెట్టినందుకు ఒక్కసారి ఎనిమిది వేలు విడిగా అడగొచ్చు. అక్కడికి కోర్సు డబ్బు రెండింతలై వచ్చినట్టే. దానికి సర్టిఫికెట్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఎవరికి కావాలి? రెండో క్లినిక్‌కు చూపించాల్సింది మొదటి క్లినిక్ షీటులో వచ్చిన మార్పు. పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేసి చూపించాలని వేరే చెప్పనక్కర్లేదు.

చిన్న కోర్సులన్నీ మంచివని కాదు. పాత చద్దిని కొత్త అట్టపెట్టెలో పెట్టి అమ్మేవాళ్లు ఆన్‌లైన్‌లోనూ బోలెడంత మంది. సిలబస్ చూస్తే పట్టుకోవచ్చు. అందులో యూనివర్సల్ అనలిటిక్స్ ఉంటే, అది 2023 జులై 1 నుంచి పనిచేయడమే మానేసింది. ఎక్స్‌పాండెడ్ టెక్స్ట్ యాడ్స్ తయారుచేయడం నేర్పుతామంటే, 2022 జూన్ తర్వాత కొత్తవి తయారుచేసే వీలే లేదు. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ పాఠాలు ఎప్పటివో చెప్పొచ్చు. క్లినిక్‌ల పని చేసేవాళ్లు ఇంకో ప్రశ్న అడగాలి: ఆరోగ్యానికి సంబంధించిన ప్రకటనల్లో రీమార్కెటింగ్ మీద గూగుల్ పెట్టిన ఆంక్షల గురించి ఏ క్లాసులో చెబుతారు? పాఠం చెప్పేవారు నిజంగా క్లినిక్ ఖాతాలు నడిపినవారైతే వెంటనే జవాబు వస్తుంది. ‘అది అడ్వాన్స్‌డ్ మాడ్యూల్‌లో ఉంటుంది’ అంటే లేచి వచ్చేయండి.

ఫీజుకు ‘నో కాస్ట్ ఈఎంఐ’ అన్నారంటే అది మీ పేరు మీద ఒక ఫైనాన్స్ కంపెనీ ఇచ్చే అప్పు. క్లాసులు నచ్చక మానేసినా, ఇన్‌స్టిట్యూట్ బోర్డు తిప్పేసినా కంతులు ఆగవు. అప్పు వద్దనుకుంటే అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి బయటపడే గడువు ఒకటి ఆర్‌బీఐ నిబంధనల్లో ఉంది. ఎన్ని రోజులన్నది అప్పు పత్రాల్లో రాసి ఉంటుంది, సంతకానికి ముందు చదవండి. నెలనెలా ఒకే జీతం రాని మనుషులకు కంతుల మీద చదువు నా దృష్టిలో పనికిరాదు.

సర్టిఫికెట్లన్నీ దండగని నేననడం లేదు. పెళ్లిళ్లకు డ్రోన్ ఎగరేసే కుర్రాళ్ల సంగతి చూడండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. అది డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థ ద్వారానే వస్తుంది, పదేళ్లు చెల్లుతుంది. ఇక్కడ కాగితం అడుగుతున్నది చట్టం. ఖర్చు పెట్టాల్సిందే, బేరం లేదు. చూడాల్సిందల్లా ఆ సంస్థకు అనుమతి ఉందా లేదా అన్నదే. అనుమతి లేని ‘అకాడమీ’లో నెల రోజులు నేర్చుకుని ఎంత బాగా ఎగరేసినా, వాళ్లిచ్చిన కాగితం పైలట్ సర్టిఫికెట్ కాదు.

మధ్యలో ఉండే రకానికి క్లౌడ్ సర్టిఫికెట్లు ఉదాహరణ. ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ పరీక్ష ఫీజు 150 డాలర్లు, పన్ను అదనం. మూడేళ్లు చెల్లుతుంది. పాసైతే తర్వాతి పరీక్ష సగం ధరకే రాయొచ్చు. అమెజాన్ భాగస్వామి కంపెనీలు పై మెట్టు ఎక్కాలంటే సర్టిఫికెట్ ఉన్న మనుషుల లెక్క చూపించాలి, అందుకే అవి దీన్ని పేరుపెట్టి అడుగుతాయి. అలాంటి కంపెనీల ద్వారా పని తెచ్చుకునేవారికి ఆ 150 డాలర్లు దండగ కాదు. ఊళ్లో చిన్న దుకాణాలకు వెబ్‌సైట్లు పెట్టిచ్చే వ్యక్తికి అక్కర్లేదు. అక్కర ఉన్నవాళ్లు కూడా పరీక్ష ఫీజునూ శిక్షణ ఫీజునూ కలపకండి. శిక్షణ చాలామటుకు అమెజాన్ సొంత స్కిల్ బిల్డర్‌లోనే ఉచితంగా ఉంది. ‘పాస్ గ్యారంటీ’ అని అసలు ప్రశ్నలు అమ్మేవాళ్ల జోలికి వెళ్లొద్దు, పట్టుబడితే అమెజాన్ సర్టిఫికెట్ రద్దు చేస్తుంది.

ఏ కోర్సు మీద మనసుపడినా ముందు ఒక పని చేయండి. మీరు పని వెతుక్కునే చోట, మీ రకం పనికి వచ్చిన ఓ ముప్పై ప్రకటనలు తీసి చదవండి. ఆ సర్టిఫికెట్‌ను పేరుపెట్టి అడిగినవి ఎన్నో లెక్కపెట్టండి. రెండు మూడు కూడా లేకపోతే దాన్ని పక్కన పెట్టొచ్చు. అవే ప్రకటనల్లో పదేపదే కనిపించే, మీకు చేతకాని పని ఏదో రాసుకోండి. తర్వాత ఇప్పుడున్న క్లయింట్లలో ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి, ‘నాకు ఇవ్వకుండా ఇంకొకరి చేత చేయించుకున్న పని ఏదండీ?’ అని అడగండి. ఆ జవాబుల్లో వచ్చిన పనికి కోర్సు ఉంటే కొనండి. అప్పటిదాకా కరపత్రంలోని నంబరుకు మాత్రం ఫోన్ చేయకండి. ఒక్కసారి చేస్తే ఏడాది పొడుగునా వాళ్లే చేస్తారు.